ఫొటో ఒక్కటే ఉంటే వివరాలు ఊహించి రాయొచ్చా?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. కొమ్ము బొమ్మలు చేసే మా పెదనాన్నగారి సరుకు నా పేరు మీద ఉన్న అకౌంటులో ఆన్‌లైన్‌లో అమ్ముతున్నాను. ఈసారి కొంగ బొమ్మ ఫొటో ఒకటే పంపారు. ధర, సైజు, దేనితో చేశారో చెప్పలేదు. “జింక కొమ్ము, 10 అంగుళాలు” అని రాసి పెట్టేయొచ్చా సర్?

జవాబు: వద్దమ్మా. ముందు ఆ “జింక కొమ్ము” అన్న మాట కొట్టేయండి. మీ ఊళ్లో ఈ పని పశువుల కొమ్ముతో చేస్తారు. జింక కొమ్ముతో చేసిన వస్తువుల వ్యాపారాన్ని 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం నిషేధించింది. ఆ చట్టం ఎక్కువ రక్షణ ఇచ్చే మొదటి షెడ్యూలులో ఉన్న జింకదైతే, నేరం రుజువైనప్పుడు 3 నుంచి 7 ఏళ్ల జైలు. బొమ్మ గేదె కొమ్ముదే అయినా, మీ రాత చూసి అటవీ శాఖ వాళ్లు వస్తే వస్తువు పరీక్షకు వెళ్తుంది, పెదనాన్నగారు స్టేషను మెట్లు ఎక్కాల్సి వస్తుంది. గేదె కొమ్ము లోపల గుల్లగా ఉంటుంది, జింకది ఎముక. పాలిష్ పట్టిన బొమ్మను ఫొటోలో చూసి ఈ తేడా ఎవరూ పట్టలేరు. అది ప్లాస్టిక్ కాదని కూడా ఫొటో చెప్పదు.

ఇక సైజు. 2020 ఈ-కామర్స్ నియమాల్లో 6వ నియమం ప్రకారం ప్రకటనలో చెప్పిన లక్షణాలు వస్తువులో ఉండాలి, లేకపోతే వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనకూడదు. అకౌంటు మీ పేరున ఉంది కాబట్టి ఆ అమ్మకందారు మీరే. 10 అంగుళాలని రాసి 6 అంగుళాల కొంగ పంపితే, విశాఖలో ఉన్న కొనుగోలుదారు విశాఖ వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వారికి ఆ వీలిచ్చింది. ఒక్క బొమ్మ కోసం మీరు అక్కడ జవాబు చెప్పుకోవాలి.

ధర తెలియకపోతే “ధరకు మెసేజ్ చేయండి” అని పెట్టేవాళ్లు చాలామంది. పైన చెప్పిన 6వ నియమం పన్నులు, డెలివరీ ఖర్చు అన్నీ కలిపిన మొత్తాన్ని ఒకే అంకెగా చూపమంటుంది. కాబట్టి ధర తెలిసేదాకా అమ్మకానికి పెట్టకండి.

ఈలోగా డ్రాఫ్టులో ఇంతవరకు రాసుకోండి: “చేతితో చెక్కిన కొంగ బొమ్మ. నలుపు రంగు, పొడుగు మెడ, దిమ్మె మీద నిలబడి ఉంది.” ఇవి ఫొటోలో కనిపిస్తున్నవి. చేతిపని అన్నది మీకు స్వయంగా తెలిసినది. తరవాత పెదనాన్నగారికి వాట్సాప్‌లోనే రాసి అడగండి: ఏ జంతువు కొమ్ము, అచ్చంగా కొమ్మేనా, దిమ్మె దేనిది, ఎంతకు అమ్మాలి. బొమ్మ పక్కన స్కేలు నిలబెట్టి ఇంకో ఫొటో పంపమనండి. అలాంటివి ఇంకా చేసి పంపుతారా, ఇదొక్కటేనా అన్నదీ అడగండి. చేతిపనిలో రెండోది కొంచెం వేరుగా వస్తుంది కాబట్టి, ఒక్కటే ఉంటే ఆ సంగతి రాసి ఫొటోలోని బొమ్మనే పంపాలి. ఆయన జవాబును చెరిపేయకండి. రేపు పేచీ వస్తే, మీరు ఊహించి రాయలేదనడానికి మీ చేతిలో ఉండే కాగితం అదే.