‘సాయం’ అనే మాట దగ్గరే ఉంది చిక్కు

నాకు 36 ఏళ్లు. 12 ఏళ్లుగా ఉద్యోగం చేస్తున్నాను. రెండు నెలల క్రితం ప్రమోషన్ వచ్చింది, ఇప్పుడు నా కింద 14 మంది పని చేస్తున్నారు. బాబుకి ఏడేళ్లు. మొన్న వాడికి బడిలో జ్వరం వస్తే టీచర్ నాకు మూడుసార్లు ఫోన్ చేశారట. మీటింగ్‌లో ఉండి చూసుకోలేదు. తర్వాత మావారికి చేస్తే ఆయనే వెళ్లి తీసుకొచ్చారు. సాయంత్రం నేను ఇంటికి రాగానే అత్తయ్యగారు ‘ఎంత పెద్ద పదవి వస్తే ఏం లాభం, కన్నబిడ్డను పట్టించుకునే తీరిక లేనప్పుడు’ అన్నారు. ఏదైనా చెప్పబోతే ‘ఇది ఆఫీసు కాదు, ఆర్డర్లు వేయడానికి’ అంటారు. మావారు చాలా మంచివారు, అడిగితే ఏ పనైనా సాయం చేస్తారు. వాళ్లమ్మ మాటలకు మాత్రం అడ్డు చెప్పరు. నాకు రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు, ఒకటే టెన్షన్. అత్తయ్యగారికి నచ్చజెప్పడం ఎలా? ప్రమోషన్ వదులుకుని పాత సీటుకు వెళ్లిపోవడం మంచిదా?
– ఒక తల్లి

అమ్మా, అత్తయ్యగారికి నచ్చజెప్పే పని పెట్టుకోకండి. ఆవిడతో మీకున్న గొడవ చిన్నది. ఉత్తరం రెండోసారి చదువుతుంటే నా కళ్లు ఆవిడ మాటల దగ్గర ఆగలేదు, మీ మాట దగ్గర ఆగాయి. ‘సాయం చేస్తారు’ అని రాశారు. ఎవరికి సాయం? కొడుకు ఆయనకూ కొడుకే కదా. పక్కింటాయన బాబుని బడి నుంచి తీసుకొస్తే సాయం అంటాం. తండ్రి తీసుకొస్తే దాన్ని ఏమనాలి?

మాట పట్టుకుని సాగదీస్తున్నానని అనుకోవద్దు. ఆ మాట వెనక పాత లెక్క ఒకటి ఉంది. మనిషికి సమాజంలో దొరికే స్థానాలు రెండు రకాలని రాల్ఫ్ లింటన్ అనే మానవ శాస్త్రవేత్త 1936లో విడదీసి చెప్పాడు. పుట్టుకతో, ఆడా మగా తేడాతో, వయసుతో మన ప్రమేయం లేకుండా అంటగట్టేవి కొన్ని. వాటిని ఆపాదించిన అంతస్తులంటారు. చదివి, పోటీపడి, కష్టపడి తెచ్చుకునేవి ఇంకొన్ని. అవి సాధించుకున్న అంతస్తులు. మీ ప్రమోషన్ రెండో రకం, అందులో ఎవరికీ అనుమానం లేదు. మరి తల్లి కావడం? నిజానికి ఎవరూ తల్లిగా పుట్టరు. కాబట్టి పేరుకి అదీ తర్వాత వచ్చిన స్థానమే. కానీ ఆ స్థానంలోకి అడుగుపెట్టిన మరుక్షణం, అందులో చేయాల్సిన పనుల జాబితాను మాత్రం ఆడపుట్టుకకే కట్టేస్తారు. జ్వరం వస్తే ఎవరు పరిగెత్తాలన్నది బాబు పుట్టకముందే తేలిపోయింది.

ఇక మొన్నటి సాయంత్రాన్నే తీసుకుని లెక్క వేద్దాం. ఆఫీసు వదిలి బడికి వెళ్లి పిల్లాణ్ణి ఇంటికి తీసుకురావడం ఒకే ఒక్క పని. అది మీవారు చేశారు. ఆయనకు మంచివారని పేరొచ్చింది. మీ ఉత్తరంలోనే వచ్చింది, ఎక్కడో కాదు. అదే పని మీరు చేసి ఉంటే ఎవరైనా మెచ్చుకునేవారా? తల్లి వెళ్లింది, అంతే. ఆయన వెళ్లకపోయి ఉంటే ఎవరైనా తప్పు పట్టేవారా? పాపం, ఆఫీసులో ఉన్నాడు అనేవారు. మీరు వెళ్లలేదు కాబట్టి నింద పడింది. అంటే ఆ పని మీ ఖాతాలో పుట్టుకతో వచ్చిన బాకీ, ఆయన ఖాతాలో సాధించిన ఘనత. బాకీ తీరిస్తే మెప్పుండదు, తీర్చకపోతే మాట పడాలి. ఘనతకు అలా కాదు, చేస్తే చప్పట్లు, చేయకపోయినా నష్టం లేదు.

ఉద్యోగం దగ్గర ఇదే లెక్క తలకిందులవుతుంది. మగవాడికి ఉద్యోగం పుట్టుకతో వచ్చిన బాధ్యత, అది మానేయడమనే ప్రశ్నే లేదు. మీరు కష్టపడి సంపాదించుకున్నది మాత్రం ఎప్పుడైనా తిరిగి ఇచ్చేయగల వస్తువులా కనిపిస్తుంది. చూడండి, పాత సీటుకు వెళ్లనా అని మీరు అడిగారు. ఆయన పనివేళలు మార్చుకోవచ్చా అన్న ఆలోచన మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. ఆ తూకం అత్తయ్యగారి చేతిలోనే కాదు, మీ చేతిలో కూడా ఉంది.

టీచర్ మూడుసార్లు మీకే ఎందుకు చేశారు? మొదటి నంబర్ మీది కాబట్టి. జోసెఫ్ ప్లెక్ అనే పరిశోధకుడు 1977లో ఈ సంగతే రాశాడు. ఇంటికీ ఉద్యోగానికీ మధ్య ఉన్న గోడ ఆడవాళ్ల విషయంలో ఒకవైపుకి కారుతుంది, మగవాళ్ల విషయంలో రెండోవైపుకి. ఇంటి పని వచ్చి ఆమె ఉద్యోగంలో పడుతుంది, ఉద్యోగం వచ్చి ఆయన ఇంటి సమయాన్ని తినేస్తుంది. రెండింటినీ లోకం మామూలుగానే తీసుకుంటుంది. మీ ఆయన రాత్రి ఆఫీసు ఫోన్లు మాట్లాడుతుంటే ఇంట్లో అందరూ గొంతు తగ్గిస్తారో లేదో ఒకసారి గమనించండి.

ఇప్పుడు ప్రమోషన్ సంగతి. వదులుకోవద్దు. పంతం కోసం చెప్పడం లేదు, వదులుకున్నా మీ బాధ తీరదు కాబట్టి చెబుతున్నాను. రెండు పాత్రలు ఒకే మనిషిని చెరోవైపు లాగడాన్ని పాత్రల సంఘర్షణ అంటారు. అది కేవలం టైమ్ చాలకపోవడం వల్లనే అయితే, పని తగ్గించుకుంటే తగ్గుతుంది. మీకు ఇంకోటి కూడా ఉంది. 14 మందికి పని పంచి, గడువు పెట్టి, తేడా వస్తే నిలదీయడం ఆఫీసులో మంచి లక్షణం. గడప దాటగానే అదే గొంతు తప్పయిపోతుంది. ఇది గంటల లెక్కకు అందేది కాదు. అయినా పాత సీట్లో ఉన్నప్పుడు కూడా మొదటి నంబర్ మీదే కదా? పాత సీట్లో కూడా మీటింగులు ఉండేవి కదా? మీరు ఇంకో మెట్టు దిగినా ఆ నంబర్ అక్కడే ఉంటుంది.

కాబట్టి మాట్లాడాల్సింది మీవారితో. గొడవ పడమని కాదు. ‘సాయం చేయండి’ అని మాత్రం అడగవద్దు, ఒక పనిని పూర్తిగా ఆయనకు అప్పగించండి. పూర్తిగా అంటే ఏమిటో చెబుతాను. ప్రతి పనిలో మూడు భాగాలుంటాయి. అవసరం కనిపెట్టడం, ఎప్పుడు ఎలా అని ఆలోచించడం, చేయడం. మగవాళ్లకు మనం మామూలుగా మూడోది మాత్రమే ఇస్తాం, మొదటి రెండూ మన బుర్రలోనే తిరుగుతుంటాయి. మీకు నిద్ర పట్టనివ్వనివి బహుశా అవే. (వారాల తరబడి ఇలాగే ఉంటే మాత్రం డాక్టర్‌కి చూపించుకోండి, అది వాయిదా వేయకండి.)

బాబు ఆరోగ్యం అనే ఒక్క పనే తీసుకోండి. బడిలో మొదటి నంబర్ ఆయనది అవుతుంది. టీకాల కార్డు, పాత మందుల చీటీలు ఆయన దగ్గరుంటాయి. డాక్టర్ అపాయింట్‌మెంట్ ఆయన తీసుకుంటారు, మందు ఎప్పుడు వేయాలో ఆయన గుర్తుపెట్టుకుంటారు. నాలుగు వారాలు ఇలా నడపండి. ఈలోపు బాబుకి ఏమీ రాకపోతే ఇంకా మంచిది, కానీ అప్పగింత నిజంగా జరిగిందో లేదో మీకు తెలియదు. అందుకని బడిలో సమావేశాలకు వెళ్లడం, హోంవర్క్ చూడడం వంటి తరచూ వచ్చే పనిని కూడా దీనికి జత చేయండి.

మూడు చోట్ల ఇది దెబ్బతింటుంది. మొదటిది, ఆయన ప్రతిదానికీ ఫోన్ చేసి ‘ఎన్ని చుక్కలు వేయాలి, ఏ డాక్టర్, ఫైల్ ఎక్కడుంది’ అని అడుగుతుంటే పని ఇంకా మీ దగ్గరే ఉన్నట్టు. మొదటి వారం చెప్పండి, తర్వాత ‘చీటీలో ఉంది, చూడండి’ అనండి. రెండోది మీ నుంచే వస్తుంది. ఆయన చేసిన పద్ధతి నచ్చక మీరు మళ్లీ చేస్తారు. నేనూ చేశాను. నా కూతురు చిన్నప్పుడు వాళ్ల నాన్న దువ్విన జడను బడి గేటు దగ్గర విప్పి మళ్లీ వేశాను. ఆ తర్వాత ఆయన దువ్వెన ముట్టుకోలేదు, నేను పదేళ్లు సణుగుతూనే ఉన్నాను. ‘నేను లేకపోతే నడవదు’ అనే మాటలో ఒక తీపి ఉంటుంది. ఆఫీసులో కుర్చీ దక్కాక కూడా అది వదలబుద్ధి కాదు.

మూడోది మీ ఇంట్లో తప్పకుండా జరుగుతుంది. కొడుకు ఆ పనులు చేస్తుంటే చూడలేక అత్తయ్యగారు తీసుకుని తనే చేస్తారు. అప్పుడు మీకు భారం తగ్గినట్టే ఉంటుంది, కానీ పని ఒక ఆడమనిషి చేతిలోంచి ఇంకో ఆడమనిషి చేతిలోకి మారింది, అంతే. దాంతోపాటు ఆవిడ దెప్పడానికి ఇంకో కారణం దొరుకుతుంది. అక్కడ నోరు తెరవాల్సింది మీరు కాదు, మీవారు. ‘అమ్మా, ఇది నా పని, నేనే చూసుకుంటాను’ అని ఆయన అనాలి. మీరు చెబితే ఆర్డర్, ఆయన చెబితే కబురు.

ఒక మనిషి చుట్టూ ఉన్నవాళ్లు తలో రకంగా ఆశిస్తున్నప్పుడు ఏం జరుగుతుందో రాబర్ట్ మెర్టన్ అనే సమాజ శాస్త్రవేత్త 1957లో వివరించాడు. వాళ్ల కోరికలు ఒకదానికొకటి పొసగవని వాళ్లకే కళ్లకు కట్టినప్పుడు, అప్పటిదాకా ఆ మనిషి మోసిన చిక్కు వాళ్లు తేల్చుకోవాల్సినదవుతుంది. ఇప్పటిదాకా మీవారికి ఆ చిక్కు కనపడలేదు. ఆఫీసు కోరేది మీరొక్కరే వింటున్నారు, అత్తయ్యగారు అనేది మీరొక్కరే పడుతున్నారు, రెండూ మీ గుండెలోనే కొట్టుకుంటున్నాయి. మీ వారం రోజుల పనివేళలు, ఆయన వారం రోజుల పనివేళలు, బాబు బడి వేళలు ఒకే కాగితం మీద రాసి మీవారి ముందూ అత్తయ్యగారి ముందూ పెట్టండి. ఎవరూ లేని గంట ఎక్కడుందో వాళ్లకే కనపడుతుంది. మీ పై అధికారి రోజూ సాయంత్రమే మీటింగ్ పెడుతుంటే మాత్రం ఈ కాగితం పనిచేయదు, అది ఆఫీసులోనే తేల్చుకోవాలి.

బాధ్యతను నేను తక్కువ చేయడం లేదు. జ్వరంతో ఉన్న బిడ్డ దగ్గర ఎవరో ఒకరు ఉండి తీరాలి, ఆ మాట అత్తయ్యగారు అన్నా నిజమే. ‘ఎవరో ఒకరు’ అంటే మీరే అన్నదగ్గరే నాకూ ఆవిడకూ తేడా. ఆవిడ ఆ మాట అన్నప్పుడు పిల్లాణ్ణి తెచ్చిన మనిషి ఆ ఇంట్లోనే ఉన్నాడు. ‘నేను ఉన్నాను కదమ్మా, వాడికి తండ్రి లేడా’ అని ఒక్క మాట అని ఉంటే ఈ ఉత్తరం వచ్చేది కాదు. ఆ రాత్రి మిమ్మల్ని కాల్చింది ఆవిడ మాట కాదు, ఆయన మౌనం. మంచివారే కావచ్చు. కానీ ఆ మంచితనం వాళ్లమ్మ ముందు కూడా కనపడాలి కదా.

ఈ రాత్రి బాబు పడుకున్నాక ఆయనతో మాట్లాడండి. అత్తయ్యగారి మీద ఫిర్యాదుతో మొదలుపెట్టకండి, సగం సేపు ఆయన అమ్మను వెనకేసుకురావడంతోనే పోతుంది. బడిలో మొదటి నంబర్ ఎవరిదన్న దగ్గర మొదలుపెట్టండి. ఆయన ఒప్పుకుంటే, రేపు బడికి ఫోన్ చేసి ఆ నంబర్ మార్పించే పని మీ మీద వేసుకోకండి. అదీ ఆయనదే.