‘యో’ అనాలా, ‘సుమ్నిదా’ అనాలా?

“మా అమ్మాయి బీకాం రెండో సంవత్సరం. కొరియన్ సీరియళ్లు చూస్తూ ఏడాదిన్నరగా ఆ భాష నేర్చుకుంటోంది. పెనుకొండ వైపు ఒక విడిభాగాల కంపెనీలో దుబాసీ ఉద్యోగానికి ఇంటర్వ్యూకు వెళ్తే, కొరియా మేనేజరు నవ్వి ‘స్నేహితురాలితో మాట్లాడినట్లు మాట్లాడుతున్నావమ్మా’ అన్నారట. ఆ రోజు నుంచి నోరు విప్పడం లేదు. గౌరవంగా ఉండే ‘సుమ్నిదా’ ఒక్కటే బట్టీ పట్టమని చెప్పాను. సరిపోతుంది కదండీ?” – ఒక తండ్రి, హిందూపురం

అయ్యా, ముందుగా మీ అమ్మాయితో ఒక మాట చెప్పండి: ఆమె ఎవరినీ అవమానించలేదు. సీరియళ్లలో స్నేహితులు, ప్రేమికులు మాట్లాడుకునే తీరును కొరియన్లు ‘పన్మల్’ అంటారు. ఆ పేరుకు అర్థమే ‘సగం మాట’. ఏడాదిన్నరగా చెవిన పడింది అదే కనుక నోట వచ్చిందీ అదే. ఇలా జరిగిన పిల్లలను నేను చాలామందిని చూశాను, వారు సరిదిద్దుకోవడమూ చూశాను.

అయితే మీరు చెప్పిన మందు మాత్రం సరైనది కాదు. ‘వెళ్తాను’ అనడానికి స్నేహితురాలితో ‘కా’, దుకాణదారుతోనో తోటి ఉద్యోగితోనో ‘కాయో’, సభలోనో ఇంటర్వ్యూలోనో ‘కమ్నిదా’ అంటారు. చివర ‘యో’ వచ్చేది మామూలు మర్యాద, ‘మ్నిదా’ వచ్చేది సభా మర్యాద; మీరు ‘సుమ్నిదా’ అంటున్నది ఈ రెండో దాన్నే. వార్తలు చదివేవారు, సమావేశంలో నివేదిక సమర్పించేవారు, తొలి పరిచయంలో పై అధికారితో మాట్లాడేవారు ‘సుమ్నిదా’ వాడతారు. టీ తాగుతూ పక్క సీటు ఆమెతోనూ అలాగే మాట్లాడితే రైల్వే స్టేషన్‌లో ప్రకటన చదివినట్లుంటుంది. ఆఫీసులో కొరియన్లు ‘సుమ్నిదా’తో మొదలుపెట్టి, మధ్యలో ‘యో’లోకి దిగి, ముగింపులో మళ్లీ ‘సుమ్నిదా’కు వస్తారు. ఆ కలయికనే వినమనండి.

ఇక అసలు చిక్కు ఈ రెండింటిలో లేదు. ఎదుటివారికి ఇచ్చే గౌరవం ఒకటి, మనం ఎవరి గురించి చెబుతున్నామో వారికి ఇచ్చే గౌరవం మరొకటి. కొరియన్‌లో ఈ రెండూ వేర్వేరు చోట్ల కూర్చుంటాయి. తెలుగువారికి ఇది కొత్త కాదు. ‘మా అబ్బాయి వచ్చాడండి’ అన్నప్పుడు ‘అండి’ వినేవారికే గాని అబ్బాయికి కాదు. కొరియన్‌లో అది ‘వస్సొయో’. తమ్ముడితో ‘నాన్న వచ్చారురా’ అన్నప్పుడు గౌరవం నాన్నకే గాని తమ్ముడికి కాదు, అది ‘ఓష్యొస్సొ’. ఈ మాటలో ‘యో’ లేదు గాని, క్రియ మధ్యలో ‘షి’ అనే గౌరవపు ముక్క కలిసిపోయి ఉంది. ఆ ముక్కను తనకు తాను ఎన్నడూ తగిలించుకోకూడదు; ‘నేను విచ్చేశాను’ అన్నట్లు వినిపిస్తుంది.

చివర ‘యో’ పెడితే చాలునన్నది మరో భ్రమ. కార్ఖానాలో ఉత్పత్తి లైను ఆగిందనుకోండి. మేనేజరు పన్మల్‌లోనే ‘ఎందుకాగింది?’ అని అడుగుతారు. మీ అమ్మాయి ‘మొల్లాయో’ అంటే ‘యో’ ఉన్నా ‘నాకేం తెలుసండీ’ అన్నంత విసురుగా ఉంటుంది. అక్కడ తగినది ‘చల్ మొరుగెస్సుమ్నిదా, హ్వగినె పొగెస్సుమ్నిదా’, అంటే ‘సరిగా తెలియదండి, కనుక్కుని చెబుతాను’. ఆయన పన్మల్‌లో అడిగారని తానూ పన్మల్‌లో బదులివ్వకూడదు. పెద్దవారు చిన్నవారితో అలా మాట్లాడగలరు గాని, ఆ దారి ఒకవైపుకే. అలాగే ‘సరే’ అనడానికి ‘అరస్సొయో’ కాక ‘అల్గెస్సుమ్నిదా’, క్షమాపణకు ‘మియానెయో’ కాక ‘చ్వెసోంహమ్నిదా’ అలవాటు చేసుకోమనండి. ‘మీరు’ అనడానికి నిఘంటువులో కనిపించే ‘తంగ్‌షిన్’ను ఆఫీసులో అసలు వాడకూడదు, హోదా పేరుకు ‘నిమ్’ చేర్చి, సెక్షన్ మేనేజరైతే ‘క్వాజంగ్‌నిమ్’ అని పిలవాలి.

కొరియన్ భాషా ప్రావీణ్యాన్ని కొలిచే టోపిక్ పరీక్ష సంగతి ఆమెకు తెలిసే ఉంటుంది కనుక ఒక్కటే చెబుతాను. పై స్థాయి పరీక్ష అయిన టోపిక్-2లో, రాత విభాగంలోని 54వ ప్రశ్నకు రాసే వ్యాసంలో ‘యో’, ‘సుమ్నిదా’ రెండూ పనికిరావు. ‘కందా’ వంటి ‘దా’తో ముగిసే సాదా రాతే రాయాలి. మీరు చెప్పినట్లు ఒక్కదాన్నే బట్టీ పడితే అక్కడ మార్కులు పోతాయి.

ఈ దారి గురించి నాకున్న అనుమానాన్ని దాచను. సీరియళ్ల మోజుతో ఈ భాషలోకి వస్తున్నవారు ఎక్కువ. కార్ఖానాలో దుబాసీకి కావలసింది వెల్డింగు, నాణ్యత తనిఖీ, సరుకు లెక్కలు తెలిసిన నోరు. మీ అమ్మాయికి బీకాం ఉంది. ఇన్వాయిసు, స్టాకు, జీఎస్‌టీ మాటలను కొరియన్‌లో నేర్చుకుంటే ఆమెకంటూ ఒక చోటుంటుంది. కేవలం కొరియన్ వచ్చునన్న ఒక్క బలంతో డిగ్రీని పక్కన పెట్టించే ఆలోచన మీకుంటే, దయచేసి మానుకోండి. ఒక ఇంటర్వ్యూలో తడబడిన బిడ్డకు ఓదార్పు ఇవ్వకుండా బట్టీ పట్టమని పురమాయించడం మీ తప్పే. ఈ వారం ఆమెను రోజుకు పది నిమిషాలు కొరియన్ వార్తలు విని, వాక్యాల చివరలు మాత్రమే కాగితంపై రాసుకోమనండి. తర్వాత అదే విషయంపై ఇద్దరు మాట్లాడుకునే చర్చ విని, ఎక్కడ ‘సుమ్నిదా’ పోయి ‘యో’ వచ్చిందో గుర్తు పెట్టుకోమనండి.