షాపులో 46 ప్యాకెట్లు ఉన్నాయి, అమ్మగలిగేవి 16

ప్రశ్న: మా కాలనీలో కిరాణా షాపు పెట్టి రెండు నెలలైంది. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి వస్తువు పక్కన On Hand, Available, On Order అని మూడు అంకెలు వస్తున్నాయి. షాపులో ఉన్న సరుకు ఒకటే కదా, మూడు అంకెలు ఎందుకు? ఏది చూసి అమ్మాలి, ఏది చూసి ఆర్డర్ పెట్టాలి?

జవాబు:

మాది ఖమ్మంలో కిరాణా షాపు, 14 ఏళ్లుగా నడుపుతున్నాం. మొదట్లో నేను కూడా ర్యాక్ మీద కనిపించే సరుకునే లెక్కలోకి తీసుకునేవాణ్ణి. దానివల్ల ఒకసారి ఇచ్చిన మాట తప్పాల్సి వచ్చింది, ఇంకోసారి సరుకు పారబోయాల్సి వచ్చింది. ఆ రెండూ చెప్తాను, తేడా అందులోనే ఉంది.

మొదటిది సన్‌ఫ్లవర్ నూనె లీటరు ప్యాకెట్లది. నెల మొదటి వారం, మంగళవారం సాయంత్రం. విప్పని పెట్టెలు మూడు, పెట్టెకు 10 చొప్పున 30. పెట్టెల్లోంచి తీసి విడిగా ఉన్నవి 16. మొత్తం 46. ఇది ఆన్ హ్యాండ్, అంటే మన గోడల మధ్య ఉన్న సరుకంతా. అది ఎవరికోసం ఉంచామో, అమ్మడానికి పనికొస్తుందో లేదో ఈ అంకెకు తెలియదు. చేత్తో లెక్కపెడితే ఎంత వస్తుందో అంతే చెప్తుంది.

ఆ 46లో 2 ప్యాకెట్లు అంచు దగ్గర కారుతున్నాయి. ఏజెన్సీ వాళ్లు వస్తే తిరిగి ఇవ్వాలని పక్కన పెట్టాం. మా వీధి చివర టిఫిన్ సెంటర్ ఆయన పదిహేను రోజులకోసారి 15 తీసుకెళ్తాడు, బుధవారం పొద్దున వస్తానని ఫోన్ చేసి చెప్పాడు. నాలుగు ఇళ్ల నెల సరుకుల చీటీలు మధ్యాహ్నమే వచ్చాయి, వాటిలో నూనె అంతా కలిపి 13. ఆ చీటీల సరుకు కట్టి సంచుల్లో సర్దేశాం, బుధవారం సాయంత్రం వాళ్లొచ్చి తీసుకెళ్తారు. 46లోంచి ఈ 2, 15, 13 తీసేస్తే మిగిలేది 16. ఇది అవైలబుల్. ఇప్పుడు కౌంటర్ ముందుకు కొత్తగా ఎవరొచ్చినా నేను ధైర్యంగా అమ్మగలిగింది ఆ 16 మాత్రమే.

```
Available = On Hand - Reserved - Damaged
16 = 46 - 28 - 2
```

నేను ఆ రోజు ఈ లెక్క వేయలేదు. ఎదురింటి వాళ్లకు గృహప్రవేశం. "అన్నా, నూనె ఇరవై ప్యాకెట్లు ఉంటాయా?" అని అడిగితే తలెత్తి పెట్టెల వైపు చూశాను. మూడు పెట్టెలు కనపడ్డాయి, రెండు ఇచ్చేశాను. తెల్లారి టిఫిన్ సెంటర్ ఆయన వచ్చేసరికి షాపులో ఉన్నవి 26. అందులో కారేవి 2, సంచుల్లోవి 13 పోను ఆయనకు దక్కినవి 11. సంచులు విప్పి ఇస్తే సాయంత్రం ఆ నాలుగు ఇళ్లలో ఒకరికి మాట పోతుంది. తక్కువైన 4 ప్యాకెట్లు పక్క బజారులో ఎమ్మార్పీకి కొని, ఆయనకు ఎప్పుడూ ఇచ్చే రేటుకే ఇచ్చాను. నాలుగు ప్యాకెట్ల మీద పోయింది కొద్ది డబ్బే. కానీ ఆయన ఆ తర్వాత రెండు నెలలు ఫోన్ చేసి చెప్పడం మానేసి, వేరే షాపులో సగం, మా దగ్గర సగం తీసుకున్నాడు. అది బాధ అనిపించింది.

ఇక్కడ మీ సాఫ్ట్‌వేర్ సంగతి ఒకటి చెప్పాలి. ఫోన్లో వచ్చిన ఆర్డరూ, వాట్సాప్‌లో వచ్చిన చీటీ మీరు ఎక్కించకపోతే దానికి తెలియదు. బిల్లు కొట్టినప్పుడే అది సరుకు తగ్గిస్తుంది. మనమేమో చీటీ కట్టేటప్పుడు బిల్లు కొట్టం, మనిషి వచ్చి తీసుకున్నాకే కొడతాం. ఆ మధ్యలో ఉన్న గంటలే అసలు ప్రమాదం. మీ స్క్రీన్ మీద On Hand, Available ఎప్పుడు చూసినా ఒకే అంకె ఉంటే సరుకు బాగుందని అనుకోకండి, ఆర్డర్లు ఎక్కించడం లేదని అర్థం. చీటీ రాగానే సేల్స్ ఆర్డర్‌గా ఎక్కించండి. కారినవి, ఎలుక కొట్టినవి, డేట్ అయిపోయినవి ఉంటే వాటిని డ్యామేజీ కింద విడిగా రాయండి. చాలా సాఫ్ట్‌వేర్లలో అందుకు వేరే గోడౌన్ పేరు పెట్టుకోవచ్చు. సాఫ్ట్‌వేర్ లేకుండా నడిపినన్నాళ్లూ మేం చేసిన పని ఇంకా తేలిక: చీటీల సంచులు, ఆర్డర్ చెప్పినవాళ్ల పెట్టెలు ర్యాక్‌లో ఉంచకుండా లోపలి గదిలో పెట్టి, పేరు రాసిన కాగితం అంటించేవాళ్లం. కౌంటర్ నుంచి కంటికి కనిపించేదల్లా అమ్మదగ్గదే అయ్యేది.

ఇక ఆన్ ఆర్డర్. ఏజెన్సీకి ఆర్డర్ చెప్పాం, సరుకు ఇంకా మన గడప దాటలేదు. అదే ఆన్ ఆర్డర్. దీన్ని చూసి అమ్మకూడదు. గిరాకీ అడిగితే "గురువారం సాయంత్రం వస్తుంది" అని చెప్పడానికి పనికొస్తుంది, అంతవరకే. కానీ కొత్త ఆర్డర్ పెట్టే ముందు మాత్రం దీన్ని చూసి తీరాలి.

అదే నూనెతో చూద్దాం. మా సేల్స్‌మ్యాన్ ప్రతి మంగళవారం వస్తాడు, సరుకు గురువారం దిగుతుంది. అంటే ఈ మంగళవారం నేను చెప్పే ఆర్డర్ వచ్చే వారం గురువారం దాకా, 9 రోజులు సరిపోవాలి. కౌంటర్ మీద విడిగా రోజుకు 6 ప్యాకెట్లు పోతాయి, 9 రోజులకు 54. అనుకోని గిరాకీకి ఇంకో 10 అనుకుంటే మొత్తం 64 కావాలి. అవైలబుల్ 16, రావాల్సింది ఏమీ లేదు. 64లోంచి 16 తీసేస్తే 48, అంటే 5 పెట్టెలు. ఆ రోజుకు 6 అనే లెక్కలో టిఫిన్ సెంటర్ 15 గానీ, చీటీల 13 గానీ కలపలేదు, గమనించండి. వాటిని అవైలబుల్ దగ్గరే తీసేశాం. రోజువారీ అమ్మకంలో కూడా కలిపితే ఒకే సరుకును రెండుసార్లు తీసేసినట్టవుతుంది, ఆర్డర్ పెరిగిపోతుంది. ఆయన మళ్లీ తీసుకెళ్లేది ఈ 9 రోజుల్లోపే అయితే మాత్రం ఆ 15 కావాల్సిన వైపు కలపాలి.

5 పెట్టెలు చెప్పగానే ఆన్ ఆర్డర్ 50 అయింది. అవైలబుల్ 16కు 50 కలిపితే 66, మనకు కావాల్సిన 64 దాటింది. బుధవారం ఎవరైనా ఫోన్ చేసి "ఇంకో ఐదు పెట్టెలు పంపమంటారా?" అంటే వద్దని చెప్పడానికి ఈ అంకె చాలు. ర్యాక్ ఖాళీగా కనిపిస్తున్నా సరే.

మేం రవ్వ పారబోసింది ఈ అంకె రాసుకోక. వానాకాలం. బొంబాయి రవ్వ అరకిలో ప్యాకెట్లు 40 చెప్పాను, ఎక్కడా రాయలేదు. మర్నాడు మా తమ్ముడు షాపులో కూర్చున్నాడు. రవ్వ డబ్బా దగ్గర మూడే ప్యాకెట్లు ఉండటం చూసి వాడు కూడా ఏజెన్సీకి ఫోన్ చేసి 40 చెప్పాడు. 80 దిగాయి. మాకు 40 అమ్ముడవడానికే మూడు వారాలు పడుతుంది. నెల దాటేసరికి వెనక వరుసలో ప్యాకెట్ లోపల సన్నగా జాలు కట్టడం కనిపించింది, వెలుతురుకు పెట్టి చూస్తే పురుగు. 19 ప్యాకెట్లు తీసేశాం, వాటికి బదులు ఎవరూ ఇవ్వలేదు. అప్పటినుంచి ఆర్డర్ ఎవరు చెప్పినా గల్లా పక్కన ఉన్న నోటుబుక్కులో తేదీ, వస్తువు, ఎన్ని అనేవి వెంటనే రాయాలి. ఫోన్ పెట్టేసే లోపే.

సరుకు దిగేటప్పుడు ఇంకో చిక్కు ఉంది. ఆ గురువారం 5 పెట్టెలకు 3 వచ్చాయి. అప్పుడు ఆన్ హ్యాండ్ 30 పెరగాలి, ఆన్ ఆర్డర్ 50 నుంచి 20కి తగ్గాలి. ఆటో దిగకముందే బిల్లు చూసి 5 పెట్టెలూ ఎక్కించేస్తే లేని 20 ప్యాకెట్లు షాపులో ఉన్నట్టు కనిపిస్తాయి. అందుకే పెట్టెలు లెక్కపెట్టి, బిల్లు మీద వచ్చినన్ని రాయించి, సంతకం తీసుకున్నాకే మేం ఎక్కిస్తాం. మిగిలిన 2 పెట్టెల సంగతి ఆ డెలివరీ అబ్బాయిని కాదు, సేల్స్‌మ్యాన్‌ని అడగాలి. మాకు సరుకిచ్చే ఏజెన్సీల్లో చాలావరకు తక్కువ పంపినవి తర్వాత వాటంతటవే పంపరు, ఆ ఆర్డర్ అక్కడితో అయిపోతుంది. మళ్లీ చెప్పాల్సిందే. ఆ సంగతి తెలియక 20ని ఆన్ ఆర్డర్‌లోనే వదిలేస్తే, వచ్చే మంగళవారం మీ లెక్క ఆ 20 వస్తాయనుకొని ఆర్డర్ తక్కువ చెప్పిస్తుంది. శనివారానికి ర్యాక్ ఖాళీ.

ఇలాంటి రాని సరుకును పట్టుకోవడం తేలికే. ఆన్ ఆర్డర్ పక్కన తేదీ చూడండి. రెండు రోజుల్లో దిగే సరుకుకు ఆరు రోజుల నాటి తేదీ కనిపిస్తే అది రాదని అనుకోవచ్చు. ఒక ఫోన్ చేసి, రాదంటే సున్నా చేసేయండి.

మీరు వాడేది టాలీ అయితే ఒక్క జాగ్రత్త. అందులో Reorder Status రిపోర్టులో Nett Available అని ఉంటుంది. పేరు అలాగే ఉన్నా అది నేను పైన చెప్పిన అవైలబుల్ కాదు, రావాల్సిన సరుకును కూడా కలిపేసుకుంటుంది:

```
Nett Available = Closing Stock + Purc Orders Pending - Sales Orders Due
```

ఆర్డర్ పెట్టడానికి అది సరైన అంకె. దాన్ని చూసి గిరాకీకి మాట ఇస్తే మాత్రం ఇంకా ఏజెన్సీ గోడౌన్‌లో ఉన్న సరుకును అమ్మినట్టవుతుంది. మీ సాఫ్ట్‌వేర్‌లో Available ఎలా లెక్కేస్తుందో తెలుసుకోవాలంటే ఒక వస్తువుకు 10 ప్యాకెట్ల కొనుగోలు ఆర్డర్ పెట్టి చూడండి. Available 10 పెరిగిందంటే అది టాలీ పద్ధతి. కదలకుండా On Order ఒక్కటే పెరిగితే అమ్మకానికి దాన్ని నమ్మొచ్చు. చూశాక ఆ ఆర్డర్ రద్దు చేయడం మరవకండి.

ఈ మూడూ సరిగ్గా రావాలంటే మొదటి అంకె సరిగ్గా ఉండాలి. విడిగా అమ్మే సరుకులోనే అది ఎక్కువ తప్పుతుంది. 2022 జులైలో 25 కిలోల వరకు ప్యాక్ చేసిన బియ్యానికి జీఎస్టీ వచ్చాక మిల్లుల నుంచి 26 కిలోల బస్తాలు రావడం మొదలైంది. మా సాఫ్ట్‌వేర్‌లో బస్తా అంటే 25 కిలోలనే ఉండిపోయింది. విడిగా కిలోల్లో అమ్మే బియ్యానికి బస్తాకు ఒక కిలో తేడా వస్తుంటే ఎక్కడ తప్పు జరుగుతోందో చాలా రోజులు దొరకలేదు. బియ్యం, పప్పు, చక్కెర లాంటివి అన్నీ కిలోల్లోనే ఉంచండి, బస్తాకు ఎన్ని కిలోలో ఒకసారి తూచి చూసుకోండి. మేం రోజుకు ఒక ర్యాక్ చొప్పున చేత్తో లెక్కపెట్టి స్క్రీన్‌తో పోలుస్తాం, పొద్దున షట్టర్ తీశాక, గిరాకీ మొదలవకముందు. నూనెలు, బియ్యం మాత్రం మంగళవారం సేల్స్‌మ్యాన్ వచ్చే ముందు తప్పనిసరిగా.