ఐబ్రో స్టూడియో కోసం ఇంటిని పణంగా పెట్టకండి

ప్రశ్న: డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటున్నాం. నాకు హెచ్4 ఈఏడీ ఉంది. మనవాళ్లకు ఐబ్రోస్, మెహెందీ చేస్తుంటాను. స్ట్రిప్ మాల్‌లో 2,800 డాలర్ల అద్దెకు షాపు చూశాం. ఐబ్రోస్ 7 డాలర్లకే చేస్తే జనం వస్తారు కదా? చేతిలో 9,000 ఉన్నాయి. ఇంటి మీద హెలాక్ అప్పు 40,000 తీసుకోవచ్చా?

జవాబు: తీసుకోకండి. లీజు మీద సంతకం కూడా ఇప్పుడే పెట్టకండి.

అద్దె 2,800తో ఆగదు. స్ట్రిప్ మాళ్లలో ఎక్కువగా ట్రిపుల్ నెట్ లీజులే. భవనం పన్ను, బీమా, మెయింటెనెన్స్‌లో మీ వాటా విడిగా కట్టాలి. దానికి 700, హెలాక్ వడ్డీ 9 శాతం చొప్పున 300 వేసుకున్నా నెలకు 3,800. కరెంటు ఇంకా కలపలేదు. 7 డాలర్ల చొప్పున, 26 రోజులు తెరిస్తే రోజుకు 21 మంది రావాలి, అదీ మీకు పైసా మిగలకుండా. కుర్చీ తుడవడంతో కలిపి మనిషికి పావుగంట వేసుకుంటే చేయలేనిదేమీ కాదు. కానీ మంగళవారం పొద్దున ఎవరూ రారు, శనివారం అందరూ ఒక్కసారే వస్తారు. ధర 14 పెడితే 11 మంది చాలు. 7 డాలర్ల కోసం వచ్చినవాళ్లు పక్కన 6కు చేస్తే అటు వెళ్లిపోతారు.

నన్ను ఎక్కువ కలవరపెట్టింది మీ చేతిలోని 9,000. మీవారి ఉద్యోగం పోతే హెచ్1బీకి గరిష్ఠంగా 60 రోజులే గడువు. మీ ఈఏడీకీ ఆ హెచ్1బీయే ఆధారం. రెండు సంపాదనలూ ఒకే కొక్కేనికి వేలాడుతున్నాయి. వీసా పోయినా లీజుకు ఇచ్చిన పర్సనల్ గ్యారంటీ పోదు. టెక్సాస్ చట్టం మామూలు అప్పులవాళ్లను సొంతింటి జోలికి రానివ్వదు. హెలాక్ తీసుకుంటే ఆ బ్యాంకు ముందు ఆ రక్షణ మీరే వదులుకున్నట్టు. ముందు ఇంటి కిస్తీతో సహా ఆరు నెలల ఖర్చు విడి ఖాతాలో వేయండి. ఆ డబ్బుతో కుర్చీలు, అద్దాలు కొనకూడదు.

బీమా కూడా ముందే తీసుకోండి. 2015లో టెక్సాస్ సుప్రీంకోర్టు తీర్పు తర్వాత దారంతో ఐబ్రోస్ చేయడానికి, అంతకుముందు లైసెన్సు కోసం తప్పనిసరిగా ఉన్న 750 గంటల కోర్సు అవసరం లేదు. వ్యాక్సింగ్, బ్రో టింట్ మాత్రం లైసెన్సు లేకుండా ముట్టుకోకండి. ఏదైనా జరిగితే క్లెయిమ్ నిలవడం కష్టం. నల్ల కోన్ అసలు వద్దు. అందులో కలిపే పీపీడీ అనే రసాయనం వల్ల చర్మం బొబ్బలెక్కుతుంది. అసలైన గోరింటాకు మొదట నారింజ రంగులో ఉండి, ఒకటి రెండు రోజులకు ముదురుతుంది. ఈ మాట పెళ్లికూతురికి బుకింగ్ రోజే చెప్పండి, ఫంక్షన్ రోజు గొడవ రాదు.

తక్కువ ధరతో కాదు, టైమ్ ఇచ్చి చేసే మనిషిగా పేరు తెచ్చుకోండి. మనవాళ్ల అట్లతద్ది, ఉత్తరాదివాళ్ల కర్వాచౌత్ పక్కపక్క రోజుల్లోనే వస్తాయి. ఆ వారం మెహెందీ స్లాట్లు నెల ముందే సగం అడ్వాన్సుతో అమ్మండి. షాపు బదులు వారం అద్దెకు దొరికే సెలూన్ సూట్ చూడండి. వరుసగా ఆరు నెలలు మంగళ, బుధవారాలు కూడా నిండితే, అప్పుడు లీజు కాగితం పంపండి, చూద్దాం.