రూపాయి ట్రయల్, నెలనెలా 799: రెజ్యూమె యాప్ కట్ చేసిన డబ్బు తిరిగి వస్తుందా?

ప్రశ్న: లాయర్ గారూ, ఈ ఏడాదే బీటెక్ పూర్తి చేశాను. మాది తెనాలి. ఉద్యోగం కోసం ప్రస్తుతం అమీర్‌పేటలో హాస్టల్‌లో ఉంటున్నాను. హైదరాబాద్, బెంగళూరు, చెన్నై కంపెనీలకు వేర్వేరు రెజ్యూమెలు కావాలని జూన్‌లో ఒక యాప్ వాడాను. 'రూపాయికే 7 రోజులు' అంటే యూపీఐతో కట్టాను. తర్వాత నెలకు 799 చొప్పున నాలుగుసార్లు కట్ అయ్యాయి. బ్యాంకు మెసేజ్‌లు వచ్చాయి కానీ చూడలేదు. జులై చివర్లో చెన్నై కంపెనీ కోసం ఒకసారి వాడి యాప్ తీసేశాను, అయినా ఆగలేదు. రిఫండ్ ఇచ్చేది లేదని, కేసు వేస్తే బెంగళూరులోనే వేయాలని కంపెనీ వాళ్లు మెయిల్ పెట్టారు. సైబర్ క్రైమ్‌లో కంప్లైంట్ ఇవ్వమని ఫ్రెండ్ అంటున్నాడు. ఏం చేయాలి?

జవాబు: ముందు డబ్బు పోవడం ఆపండి, మిగతాది తర్వాత. ఫోన్‌లో యాప్ తీసేసినంత మాత్రాన ఆటోపే రద్దు కాదు. మీరు పిన్ కొట్టి ఇచ్చిన అనుమతి మీ బ్యాంకు దగ్గర అలాగే ఉంటుంది. ఏ యూపీఐ యాప్ నుంచి ఆ రూపాయి కట్టారో అందులో ఆటోపే విభాగం తెరవండి. ఆ కంపెనీ పేరు, గరిష్ఠ మొత్తం, నెలనెలా అన్న మాట, ముగింపు తేదీ కనిపిస్తాయి. రద్దు చేసే ముందు ఆ స్క్రీన్ ఫొటో తీసుకోండి, ఎందుకంటే రేపు మీకు అదే మొదటి సాక్ష్యం. 'పాజ్' నొక్కి వదిలేయకండి, అది తాత్కాలికమే. పూర్తిగా క్యాన్సల్ చేయండి. ఆ తర్వాత కంపెనీ వెబ్‌సైట్‌లో లాగిన్ అయి సబ్‌స్క్రిప్షన్ కూడా రద్దు చేయండి. ఆటోపే ఆగితే డబ్బు పోవడం ఆగుతుందే గానీ, కంపెనీ లెక్కలో మీరు ఇంకా చందాదారుగానే ఉండొచ్చు.

మీ ఫ్రెండ్ సలహా పాటించకండి. సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930 ఉన్నది మోసగాళ్లు డబ్బు కాజేసినప్పుడు వాడుకోవడానికి. ఇక్కడ పిన్ కొట్టింది మీరే. బ్యాంకుకు 'ఈ లావాదేవీ నేను చేయలేదు' అని రాసిచ్చినా అది అబద్ధమే అవుతుంది, తర్వాత మీ మీదకే వస్తుంది. ఆర్‌బీఐ నిబంధనల ప్రకారం ఇలాంటి ప్రతి కటింగ్‌కూ కనీసం 24 గంటల ముందు మీకు సమాచారం రావాలి. అందులో ఎవరికి, ఎంత, ఎప్పుడు అన్నది ఉండాలి. ఆ మెసేజ్‌లు వచ్చాయని మీరే అంటున్నారు కాబట్టి బ్యాంకు తప్పు పెద్దగా కనిపించడం లేదు. ఒకసారి వెనక్కి వెళ్లి నాలుగు కటింగ్‌లకూ నాలుగు ముందస్తు మెసేజ్‌లు ఉన్నాయా చూడండి. డబ్బు పోయాక వచ్చిన మెసేజ్ వేరు, ముందు రావాల్సిన మెసేజ్ వేరు. ఏదైనా నెల ముందస్తు మెసేజ్ లేకపోతే బ్యాంకుకు లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఆర్‌బీఐ ఓంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు.

మీ అసలు వివాదం కంపెనీతో. దానికి వినియోగదారుల రక్షణ చట్టం, 2019 సరిపోతుంది. రెజ్యూమె చేసుకున్నది సొంత ఉద్యోగం కోసమే గనుక మీరు వినియోగదారుడే, ఇందులో వ్యాపార ప్రయోజనం లేదు. ఈ చట్టం కిందే 2023 నవంబర్‌లో డార్క్ ప్యాటర్న్స్, అంటే వినియోగదారులను మభ్యపెట్టే యాప్, వెబ్‌సైట్ డిజైన్ల మీద మార్గదర్శకాలు వచ్చాయి. చందా రద్దు చేసుకునే దారిని దాచిపెట్టడం, కష్టతరం చేయడం, ఉచిత చందా కోసం ఆటో డెబిట్ అనుమతి తప్పనిసరి చేయడం ఇందులో 'సబ్‌స్క్రిప్షన్ ట్రాప్' కిందకు వస్తాయి. ట్రయల్ ముగిసి పెయిడ్ చందాగా మారేటప్పుడు చెప్పకపోవడం కూడా తప్పే. ఇక్కడ కంపెనీ ఒక వాదన చేస్తుంది: 'మాది ఉచితం కాదు, రూపాయి తీసుకున్నాం, 799 సంగతి కిందే రాశాం' అంటుంది. కాబట్టి ఆ పేజీ ఎలా ఉందన్నదాని మీదే కేసు నిలబడుతుంది. రూపాయి పెద్ద అక్షరాల్లో, 799 బూడిద రంగులో బటన్ కింద ఉందా? క్యాన్సల్ ఎక్కడుందో వెతకడానికి ఎన్ని స్క్రీన్లు దాటాలి? మరో ఫోన్‌లో కొత్త యూజర్‌లా ఆ పేజీ వరకూ వెళ్లి, డబ్బు కట్టకుండా, స్క్రీన్ రికార్డింగ్ చేయండి. తేదీ కనిపించేలా చూసుకోండి. వినియోగదారుల కమిషన్‌లో దాఖలు చేసేటప్పుడు వీటికి భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 ప్రకారం ఎలక్ట్రానిక్ సాక్ష్యాలకు ఇచ్చే సర్టిఫికెట్ జత చేస్తే మంచిది.

ఎంత అడగాలి? కట్ అయింది మొత్తం 3,196. జూన్, జులై నెలల్లో మీరు యాప్ వాడారు, ఆ 1,598 వెనక్కి అడగడం బలహీనమైన వాదన. ఆగస్టు, సెప్టెంబర్ నెలల్లో ఒక్కసారి కూడా తెరవలేదు, ఆ 1,598 మీద మీ వాదన గట్టిగా ఉంది. నేనైతే మొత్తం అడుగుతాను, కానీ చివరి రెండు నెలలది విడిగా చూపిస్తాను. లాగిన్ వివరాలు ఇవ్వమని కంపెనీని అడిగితే, వాడలేదన్న సంగతి వాళ్ల రికార్డులోంచే బయటపడుతుంది. చిన్న మొత్తానికి లక్షల పరిహారం అడిగి ఫిర్యాదు పలచన చేసుకోవద్దు.

కస్టమర్ కేర్ చాట్‌లో వాదించి లాభం లేదు. యాప్‌లోనో వెబ్‌సైట్‌లోనో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్ ఈమెయిల్ ఉంటుంది, దానికి రాయండి. ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఆ అధికారి 48 గంటల్లో అందినట్టు తెలపాలి, నెలలోపు పరిష్కరించాలి. మెయిల్ ఇంత చాలు: 'ఫలానా తేదీన రూపాయి ట్రయల్ తీసుకున్నాను. ట్రయల్ ముగిశాక నెలకు 799 కట్ అవుతుందని కనిపించేలా చెప్పలేదు. ఈ నాలుగు లావాదేవీల నంబర్లు ఇవి. జులై తర్వాత సేవ వాడలేదు. మొత్తం తిరిగి చెల్లించండి, ఖాతా మూసివేసి నా వివరాలు తొలగించండి, తొలగించినట్టు తెలపండి.' రెజ్యూమెలో మీ ఫోన్ నంబరు, ఇంటి చిరునామా ఉంటాయి కాబట్టి చివరి వాక్యం మరిచిపోకండి. అయితే లాగిన్ చరిత్ర, బిల్లులు డౌన్‌లోడ్ చేసుకున్నాకే ఈ మెయిల్ పంపండి.

దానికీ లొంగకపోతే 1915కి ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేయించండి. కేసు దాకా వెళ్లకుండా ఇక్కడే తేలిపోయే అవకాశం ఉంది. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్.

ఇక బెంగళూరు బెదిరింపు సంగతి. వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 34 ప్రకారం ఫిర్యాదుదారు నివసించే చోట కూడా కేసు వేయొచ్చు. షరతుల్లో బెంగళూరు అనో, ఆర్బిట్రేషన్, అంటే కోర్టు బయట మధ్యవర్తి తీర్పు అనో రాసుకున్నంత మాత్రాన ఈ హక్కు పోదు. ఆర్బిట్రేషన్ ఒప్పందం వినియోగదారుల ఫోరానికి అడ్డు కాదని ఎమ్మార్ ఎంజీఎఫ్ కేసులో సుప్రీంకోర్టు 2018లోనే చెప్పింది. మీకు గుంటూరు కమిషన్ మంచిది. హాస్టల్ ఈ నెల అమీర్‌పేట, ఉద్యోగం వస్తే చెన్నై. 'నివాసం' మీద కంపెనీ లాయర్ పేచీ పెట్టే వీలుంటుంది. తెనాలి చిరునామా మీ ఆధార్‌లో ఉంటే ఆ పేచీ ఉండదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనే దాఖలు చేయొచ్చు. 5 లక్షల లోపు విలువకు ఫీజు లేదు, లాయర్ తప్పనిసరి కాదు. గడువు రెండేళ్లు, ఒక్కో కటింగ్ తేదీ రాసి పెట్టుకోండి.

మధ్యలో కంపెనీ రెండు నెలల డబ్బు ఇస్తాం, ఫిర్యాదు వెనక్కి తీసుకోండి అంటే నా సలహా ఒప్పుకోమనే. కానీ డబ్బు ఖాతాలో పడ్డాకే వెనక్కి తీసుకుంటున్నట్టు మెయిల్ పెట్టండి, ముందుగా కాదు.