గోడ మావైపు కూలితే ఖర్చంతా మాదేనా?

"మా నాన్న, బాబాయి పంచుకున్న స్థలంలో మా రెండిళ్ల మధ్య ఉన్న 40 అడుగుల గోడ మొన్నటి వానకు కూలిపోయింది. 'మీవైపు పడింది కాబట్టి మీరే కట్టుకోండి' అంటున్నాడు బాబాయి కొడుకు. మేం ఈసారి రెండడుగులు ఎత్తు పెంచి కట్టాలనుకుంటున్నాం. సగం ఖర్చు అతన్ని అడగొచ్చా?"
– ఒక పాఠకుడు, తెనాలి

గోడ ఎటు పడిందన్నది లెక్కలోకి రాదండి. ఎవరిదన్నదే ముఖ్యం. ముందు పంపకాల దస్తావేజు తీసి చెక్కుబందీ చదవండి. 'ఉమ్మడి గోడ' అని రాసి ఉంటే మీ పని సగం తేలికైనట్టే. ఏమీ రాయకపోతే, ఇద్దరూ వాడుకుంటున్న మధ్య గోడను సాధారణంగా ఉమ్మడిదనే అనుకుంటారు. కాదనేవాళ్లు రుజువు చూపాలి.

ఇక గోడ ఎందుకు పడిందో చూడండి. కేవలం వానకే అయితే తప్పు ఎవరిదీ కాదు, చెరి సగం. ఒకరు పునాది పక్కనే గొయ్యి తవ్వినా, డాబా నీళ్లు గోడ మొదట్లోకి వదిలినా నష్టం వాళ్లమీదే పడొచ్చు. ఆ మాట మీకూ వర్తిస్తుంది, మీ గొట్టం ఎటు ఉందో ఓసారి చూసుకోండి. అందుకే శిథిలాలు తీయకముందే ఫొటోలు తీసుకోండి.

అయితే సగమంటే పాత గోడలో సగమే. మేస్త్రీ ఐదడుగుల పాత ఎత్తుకు 80 వేలు, పెంచే రెండడుగులకు 25 వేలు అన్నాడనుకోండి. అతని వాటా 40 వేలు, మీది 65 వేలు. పనికొచ్చే పాత ఇటుకల విలువను మొదటి మొత్తంలోంచి తగ్గించాలి. ఎత్తు పెంచడానికి అతని అంగీకారం రాతపూర్వకంగా తీసుకుంటే తర్వాత గొడవ ఉండదు.

చెప్పకుండా కట్టేసి బిల్లు చేతిలో పెడితే మాత్రం కేసు బలహీనపడుతుంది. రెండు అంచనాలు జతచేసి, 15 రోజుల్లో జవాబివ్వమని రసీదు వచ్చేలా స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. గోడ ఉచితంగా కట్టివ్వడం లేదని, వాటా అడుగుతామని అందులో స్పష్టంగా రాయండి. ఉచితంగా కాకుండా ఒకరు చేసిన పనివల్ల మేలు పొందినవాళ్లు పరిహారం ఇవ్వాలనే కాంట్రాక్టు చట్టం 70వ సెక్షన్‌కు ఆ మాటే ఆధారం. 'నాకసలు గోడే వద్దు' అని అతను జవాబిస్తే ఆ ఆధారం సన్నబడుతుంది. అప్పుడు ఉమ్మడి ఆస్తికి అవసరమైన మరమ్మతు అనే వాదన మీద నిలబడాలి.

కట్టేటప్పుడు పాత పునాది గీత దాటకండి. 'మా స్థలంలోకి జరిపి కట్టాం, సగం ఇవ్వు' అంటే చెల్లదు, అది మీ సొంత గోడ అయిపోతుంది.

ఇంత మొత్తానికి దావా కన్నా, కేసు వేయకముందే రాజీ కోసం మండల న్యాయ సేవా కమిటీలో ప్రీ-లిటిగేషన్ దరఖాస్తు పెట్టడం మేలని నా అభిప్రాయం. కోర్టు ఫీజు ఉండదు. ఇద్దరూ ఒప్పుకుంటే లోక్ అదాలత్ ఇచ్చే అవార్డు కోర్టు డిక్రీతో సమానం. ఒప్పుకోకపోతే డబ్బు వసూలు దావాను మామూలుగా మూడేళ్లలోపు వేయాలి. బిల్లులన్నీ దాచుకోండి.