టెక్ సందేహాలు: లింకు పంపాను, ఉలుకూ పలుకూ లేదు

*నేను తెనాలిలో పెళ్లిళ్లకు ఫొటోలు తీస్తాను. అప్పుడప్పుడు షాపుల కేటలాగులూ చేశాను. మంగళగిరి చేనేత చీరలు ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లు ఫొటోగ్రాఫర్ కావాలన్నారు. ‘రంగు ఉన్నదున్నట్టు రావాలి, రోజుకు 30 చీరలు తీయాలి’ అని షరతు. నా గూగుల్ డ్రైవ్ లింకు వాట్సాప్‌లో పెట్టి ‘నా వర్క్ చూడండి సార్’ అన్నాను. వారమైంది, జవాబు లేదు. — ఒక పాఠకుడు*

ముందు ఆ లింకు అవతలివాళ్లకు తెరుచుకుందో లేదో చూడండి. డ్రైవ్‌లో ఫోల్డర్ లింకు కాపీ చేసినంత మాత్రాన అది అందరికీ కనిపించదు. షేర్ కిటికీలో General access దగ్గర Restricted అని ఉంటే, షాపువాళ్లకు కనిపించేది You need access అన్న పేజీ మాత్రమే. దాన్ని Anyone with the link చేసి, పక్కన Viewer ఉంచండి. మీ ఫోన్‌లో మీ ఖాతా లాగిన్ అయి ఉంటుంది కాబట్టి అందులో చూస్తే తేడా తెలియదు. ఇన్‌కాగ్నిటో కిటికీలో తెరిచి చూడండి. నేనూ ఓసారి తాళం వేసిన ఫోల్డరే పంపి, ఎడిటర్ గారికి నచ్చలేదేమో అని రెండు రోజులు బాధపడ్డాను.

లింకు తెరుచుకున్నా, లోపల నాలుగు వందల పెళ్లి ఫొటోలు ఉంటే చీరల షాపాయన తనకు కావలసింది వెతుక్కోడు. ఆయన అడిగినవి రెండు: రంగు, వేగం. ఒక్కోదానికి ఒక్కో పని చాలు. మీకు బాగా పేరు తెచ్చిన ఫొటో ఇక్కడ పనికిరాకపోవచ్చు. సూర్యాస్తమయంలో జంట నీడ ఎంత అందంగా ఉన్నా, అందులో చీర రంగే కనిపించదు కదా.

రంగు కోసం పెళ్లి ఫొటోల్లోంచే ఒకటి తీయండి. కుంకుమ ఎరుపు పట్టుచీర, జరీ అంచు దగ్గరగా కనిపించేది. ముదురు ఎరుపుతో డిజిటల్ కెమెరాకు చిక్కుంది: ఎరుపు ఛానెల్ పరిమితి దాటితే మడతలూ నేతా పోయి ఒకే ముద్దగా మిగులుతుంది. మీ ఫొటోలో నేత పోగులు కనిపిస్తూ, జరీ తెల్లగా మాడిపోకుండా ఉంటే అదే రుజువు. మండపంలో పసుపు బల్బులూ తెల్ల ఎల్‌ఈడీలూ కలిసి ఉన్నాయనుకోండి, గ్రే కార్డు పెట్టి వైట్ బ్యాలెన్స్ సరిచేశారా? ఆ సంగతి తప్పక రాయండి. పెళ్లికూతురి ముఖం కనిపిస్తే వాళ్లనడిగి వాడండి, లేదా అంచు వరకే కత్తిరించండి.

వేగానికి షాపుల కేటలాగు. ఇత్తడి సామాన్లు తీశారనుకుందాం. ఒక బిందె ఫొటో పెడితే లాభం లేదు, వరుసగా పన్నెండు కలిపి ఒకే పేజీగా పెట్టండి. వెలుగు, నేపథ్యం, కోణం పన్నెండింటిలోనూ మారలేదంటే ముప్పై చీరలకూ నిలుస్తుందని ఆయనకు నమ్మకం కుదురుతుంది. ఎన్ని గంటల్లో తీశారో నిజమైన లెక్క చెప్పండి.

ఈ రెంటినీ ఎగుమతి చేసేటప్పుడు కలర్ స్పేస్ sRGB పెట్టండి. Adobe RGBలో వదిలేస్తే కొన్ని యాప్‌లలో రంగులు వెలిసిపోయినట్టు కనిపిస్తాయి. రంగు కోసం అడిగినవాడికి వెలిసిన ఎరుపు చూపించినట్టవుతుంది! ఫొటోలను నేరుగా చాట్‌లో పెట్టినా వాట్సాప్ కుదిస్తుంది కాబట్టి లింకే మేలు. కాకపోతే ఫోల్డర్‌ది కాదు, ఆ రెండు ఫైళ్లవి విడివిడిగా.

సందేశం ఇలా ఉండొచ్చు:

> నమస్కారం అండీ. మీ చీరల ఫొటోల పని గురించి రాస్తున్నాను. రెండే పంపుతున్నాను.
>
> మొదటిది ఎర్ర పట్టుచీర అంచు. మీరు రంగు గురించి అడిగారు కాబట్టి. కలగలుపు లైట్లలో గ్రే కార్డుతో తీశాను, చీర పక్కన పెట్టి రంగు సరిచూశాను.
>
> రెండోది ఇత్తడి షాపు కేటలాగు, 12 వస్తువులు, మూడు గంటల్లో. అన్నిటికీ ఒకే వెలుగు. మీ రోజుకు 30 లెక్కకు ఇది దగ్గర.
>
> మోడల్‌తో చీరల కేటలాగు ఇంకా చేయలేదు. ఒక చీర ఇస్తే తీసి చూపిస్తాను.

‘చీర పక్కన పెట్టి’ అన్న మాట, మూడు గంటల లెక్క మీ విషయంలో నిజమైతేనే ఉంచండి. వేరే ఫొటోగ్రాఫర్‌కు సహాయకుడిగా వెళ్లిన పెళ్లి అయితే ఆ మాటా చెప్పాలి. ‘ఇంకా చేయలేదు’ అన్న వాక్యాన్ని తీసేయాలనిపిస్తుంది, తీయకండి. చేయని పనిని ఆయన ఎలాగూ మొదటి ప్రశ్నలోనే పట్టుకుంటాడు. ఒక చీర సరే, నమూనాకని పది చీరలు ఉచితంగా తీయమంటే మాత్రం డబ్బు అడగండి.

పాత సందేశానికే రిప్లై కొట్టి దీన్ని పంపండి. ‘మునుపటి లింకు తెరుచుకోలేదేమో’ అన్న ఒక్క ముక్క ముందు చేర్చండి.